తోళ్ళ వేట – 6వ భాగం: షెమ్యా నీటి అడుగున

జరిగిన కథ: 1741 నవంబరులో విటస్ బేరింగ్ ఓడ రష్యా తూర్పు కొసన ఒక నిర్జన దీవికి కొట్టుకువచ్చింది. బేరింగ్ అక్కడే కన్నుమూశాడు. బతికినవాళ్ళు సముద్రపు నీటికుక్కల మాంసం తిని చలికాలం గట్టెక్కారు. మరుసటి ఏడాది దాదాపు 900 తోళ్ళతో ఇల్లు చేరారు. ఆ తోళ్ళకు చైనా సంపన్నులు పెట్టే ధర విని సైబీరియా వర్తకులు పడవలు కట్టారు. అల్యూషియన్ దీవుల్లోని ఉనంగన్ జనం ఆలుబిడ్డలను బందీలుగా పట్టుకుని, మగవాళ్ళను వేటకు తరిమారు. 1778లో కెప్టెన్ కుక్ మనుషులకు తోళ్ళు దొరికాక ఇంగ్లీషు ఓడలు, వాటి వెనకే అమెరికా ఓడలు దిగాయి. 1867లో రష్యా అలాస్కాను 72 లక్షల డాలర్లకు అమెరికాకు అమ్మేసింది. జెండా మారిందే గానీ వేట ఆగలేదు.

*

1911 జులైలో అమెరికా, రష్యా, జపాన్, కెనడా తరఫున బ్రిటన్ ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. ఆ నాలుగు ప్రభుత్వాల పట్టింపు అంతా సీల్ జంతువుల గురించే. ఎవరు ఎన్ని చంపాలి, ఎవరికెంత వాటా రావాలి అని ఏళ్ళ తరబడి కీచులాడుకుని చివరికి రాజీపడ్డాయి. నీటికుక్క మాట అందులో తోకలాగా చేరింది. దాని కోసం పోట్లాడేవాళ్ళు అప్పటికి ఎవరూ లేరు. పోట్లాడటానికి నీటికుక్కలు మిగిలితే కదా!

వేటకు ముందు జపాన్ ఉత్తరపు దీవుల నుంచి మెక్సికో దాకా వంపు తిరిగిన ఆ తీరమంతా కలిపి లక్షన్నర నుంచి మూడు లక్షల నీటికుక్కలు ఉండేవని అంచనా. 170 ఏళ్ళ వేట తర్వాత మిగిలినవి రెండు వేల లోపే. అవి కూడా ఒకచోట లేవు. పదమూడు చిన్న గుంపులుగా, ఓడలు వెళ్ళడానికి జంకే మూలల్లో తలదాచుకున్నాయి. అలాంటి మూలల్లో ఒకటి అల్యూషియన్ దీవుల పడమటి భాగంలోని అమ్చిట్కా.

వేట ఆగాక అమ్చిట్కాలో నీటికుక్కలు నెమ్మదిగా పుంజుకున్నాయి. ఏడాదికి ఒక్క పిల్లను కనే జంతువు గనక ఒక దీవి నిండటానికే దశాబ్దాలు పట్టింది. అది నిండినా పక్క దీవుల వరసకు దాటడం తేలిక కాదు. నీటికుక్క నీటి మీద తేలుతూ బతుకుతుంది, తిండికి మాత్రం అడుగుకు మునగాలి. నలభై యాభై మీటర్ల లోతు వరకైతే ఇబ్బంది లేదు. దీవుల వరసల మధ్య సముద్రం వందల మీటర్లు లోతు, పదుల కిలోమీటర్లు వెడల్పు. రోజూ కడుపునిండా తినకపోతే చచ్చిపోయే జంతువుకు ఆ దారి మధ్యలో తిండి దొరకదు.

అందుకే 1970 నాటికి అల్యూషియన్లలో ఒక వింత పరిస్థితి ఏర్పడింది. అమ్చిట్కా చుట్టూ నీటికుక్కలు కిటకిటలాడుతున్నాయి. అక్కడికి నాలుగు వందల కిలోమీటర్ల పడమరన ఉన్న షెమ్యా దీవిలో మచ్చుకు ఒక్కటి లేదు. వాతావరణం అదే, నీటి చల్లదనం అదే, రాళ్ళూ అవే. పరిశోధకుడు కోరి కట్టించుకోలేని ప్రయోగశాలను తోళ్ళ వర్తకులు తెలియకుండానే కట్టిపెట్టి పోయారు. దాన్ని చూడగల కన్ను రావడమే తరువాయి.

బాంబు డబ్బుతో వచ్చిన కుర్రవాడు

ఆ కన్నును అమ్చిట్కాకు రప్పించింది అణుబాంబు.

జనం లేని దీవి, రష్యాకు దగ్గర, భూకంపాల ప్రాంతం. భూగర్భ అణుపరీక్షలకు అమెరికా అణుశక్తి సంఘం అమ్చిట్కాను ఎంచుకుంది. 1965లో ఒకటి, 1969లో ఒకటి పేల్చింది. మూడోది అన్నిటికంటే పెద్దది, దాదాపు ఐదు మెగాటన్నులు. దాన్ని ఆపాలని 1971లో కెనడాలోని వాంకూవర్ నుంచి ఒక చేపల పడవలో బయల్దేరిన బృందమే తర్వాత గ్రీన్‌పీస్ అయింది. పడవ దీవికి చేరలేదు, పరీక్ష ఆగలేదు. 1971 నవంబరు 6న బాంబు పేలింది. ఆ దెబ్బకు వందలాది నీటికుక్కలు చచ్చిపోయాయి.

విమర్శలకు జవాబుగా అణుశక్తి సంఘం దీవి ప్రకృతి మీద పరిశోధనలకు డబ్బిచ్చింది. ఆ డబ్బుతో 1970లో వచ్చిన విద్యార్థి జేమ్స్ ఎస్టీస్. నీటికుక్కల మీద డాక్టరేటు చేయాలన్నది అతని ఉద్దేశం. తీరంలో కూర్చుని దుర్భిణితో వాటిని లెక్కపెట్టేవాడు, చలిలో నీళ్ళలోకి దిగేవాడు.

దుర్భిణిలో అతనికి కనబడే దృశ్యాన్ని ఒకసారి దగ్గరగా చూద్దాం. మన కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టే నీటికుక్కకు ఇది దాయాదే, కానీ ఒడ్డుకు ఎక్కకుండానే జీవితం గడిపేయగలదు. వెల్లకిలా తేలుతూ ఉంటుంది. ఒక మునక మునిగి నిమిషం తర్వాత పైకి వస్తుంది. చంక కింద వదులుగా వేలాడే తోలు సంచిలోంచి తెచ్చిన సరుకు తీస్తుంది. రొమ్ము మీద ఒక రాయి పెట్టుకుని, గుల్లను దానికేసి టకటకా కొట్టి పగలగొడుతుంది. తిన్నాక ఒక పల్టీ కొట్టి రొమ్ము మీది పెంకులు కడిగేసుకుంటుంది. తర్వాత గంటల తరబడి ఒళ్ళు దువ్వుకుంటుంది.

ఆ దువ్వుకోవడం ముచ్చట కోసం కాదు. తిమింగలాలకూ సీళ్ళకూ చర్మం కింద కొవ్వు దుప్పటి ఉంటుంది. నీటికుక్కకు అది లేదు. చదరపు సెంటీమీటరుకు లక్షకు పైగా వెంట్రుకలు, వాటి మధ్య చిక్కుకున్న గాలి పొర, అంతే దాని రక్షణ. వర్తకులు ఎగబడింది ఆ ఒత్తైన వెంట్రుకల కోసమే. కొవ్వు లేదు గనక ఒంట్లో పొయ్యి ఆరకుండా మండుతూనే ఉండాలి. తన బరువులో నాలుగో వంతో ఐదో వంతో రోజూ తినాలి. ఇరవై ఐదు కిలోల జంతువుకు రోజుకు ఐదారు కిలోలు, ఏడాదికి రెండు టన్నులు. తోళ్ళ వేటకు కారణమైన, కొవ్వు లేని ఆ గుణమే తర్వాతి కథకూ కారణం. ఈ రెండు టన్నుల లెక్క గుర్తుపెట్టుకోండి.

కింది నుంచి పైకా, పై నుంచి కిందికా?

అమ్చిట్కా తీరం వెంట నీటి అడుగున కెల్ప్ అడవి ఉంది. కెల్ప్ అంటే పెద్ద జాతి సముద్రపు నాచు. మొక్కలా కనిపిస్తుంది కానీ దానికి వేళ్ళు లేవు. కింద వేళ్ళలా అల్లుకున్న పట్టు ఒకటి రాతిని కరిచి ఉంటుంది, అంతే. ఆ పట్టు పైన కాడ, కాడ పైన పొడవాటి పట్టీల్లాంటి ఆకులు. నీటి మీదికి వచ్చేసరికి అరటితోటలా గుబురుగా ఉంటుంది. చేప పిల్లలు అందులో దాక్కుంటాయి, అలల జోరు అక్కడికొచ్చి తగ్గుతుంది. నీటికుక్క నిద్రపోయేటప్పుడు కొట్టుకుపోకుండా ఆ ఆకును నడుముకు చుట్టుకుంటుంది.

ఎస్టీస్ మొదట అనుకున్న ప్రశ్న సూటిది. ఈ అడవి ఎన్ని నీటికుక్కలను పోషించగలదు? అప్పటి జీవశాస్త్రంలో చాలామంది ఆలోచన ఆ దారిలోనే నడిచేది. ఎండ, ఎరువు ఉంటే పచ్చదనం. పచ్చదనం ఉంటే మేసేవి. మేసేవి ఉంటే వేటాడేవి. గడ్డి ఎంతో జింకలంత, జింకలెన్నో పులులన్ని. బలం కింది నుంచి పైకి వస్తుంది.

ఈ వాదానికి ఎదురు వాదం ఒకటి 1960లో పుట్టింది. హెయిర్‌స్టన్, స్మిత్, స్లోబోడ్కిన్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలు చిన్నపిల్లల ప్రశ్నలాంటి ప్రశ్న వేశారు. లోకం పచ్చగా ఎందుకుంది? ఇన్ని పురుగులు, ఇన్ని పశువులు మేస్తుంటే ఆకు అనేది ఎలా మిగులుతోంది? మేసేవాటిని వేటాడేవి అదుపులో పెడుతున్నాయి కాబట్టి, అని వాళ్ళ జవాబు. శత్రువుకు శత్రువు మిత్రుడన్నట్టు, ఆకుకు పులి మిత్రుడన్నమాట. వినడానికి బాగానే ఉంది, రుజువేదీ?

రుజువు కోసం 1963లో వాషింగ్టన్ రాష్ట్రపు సముద్రతీరంలో రాబర్ట్ పేన్ అనే యువ ఆచార్యుడు గునపం పట్టుకున్నాడు. ఒక రాతి పట్టు మీద ఉన్న నక్షత్ర చేపలను పెకలించి సముద్రంలోకి విసిరేశాడు. మళ్ళీ వస్తే మళ్ళీ విసిరాడు. ఆ నక్షత్ర చేప ఆల్చిప్పల జాతి గుల్లలను తినేది. అది లేకపోయేసరికి ఆ గుల్లలు రాయంతా ఆక్రమించుకుని మిగతా జీవులను గెంటేశాయి. పక్కనే నక్షత్ర చేపలను కదిలించని రాయి మాత్రం రకరకాల జీవులతో యథాతథంగా ఉంది. వంతెన కమానులో నడిమి రాయి తీస్తే తక్కిన రాళ్ళు కూలిపోతాయి. అలాంటి జాతులకు 1969లో పేన్ ‘కీస్టోన్’ జాతులని పేరు పెట్టాడు.

ఆ పేన్ 1971లో అమ్చిట్కా వచ్చాడు. ఎస్టీస్ తన పథకం చెప్పాడు. పేన్ విని ప్రశ్నను తలకిందులు చేయమన్నాడు. అడవి నీటికుక్కకు ఏం చేస్తోందని కాకుండా, నీటికుక్క అడవికి ఏం చేస్తోందో చూడమన్నాడు.

చూడటం ఎలా? నక్షత్ర చేపల్లా నీటికుక్కలను గునపంతో విసరలేం. ఆ పని తోళ్ళ వర్తకులు వందేళ్ళ కిందటే చేసి పెట్టారు. నీటికుక్కలు లేని దీవికి వెళితే సరి.

షెమ్యా

ఆరేడు కిలోమీటర్ల పొడవుండే చదునైన దీవి షెమ్యా. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా అక్కడ వైమానిక స్థావరం కట్టింది. ఎస్టీస్, తోటి పరిశోధకుడు జాన్ పాల్మిసానో అక్కడికి చేరారు. ఒడ్డున నడుస్తుండగానే ఒక తేడా కనిపించింది. అర్చిన్ల పెంకులు, అదీ అమ్చిట్కాలో ఎన్నడూ చూడనంత పెద్దవి, ఇసుకలో పడి ఉన్నాయి.

సీ అర్చిన్ అంటే ముళ్ళబంతిలాంటి జీవి. గుండ్రటి పెంకు చుట్టూ ముళ్ళు, ముళ్ళ మధ్య దారాల్లాంటి కాళ్ళు, అడుగున నోరు. నోట్లో ఐదు పళ్ళు గుండ్రంగా అమరి ఉంటాయి. ఆ పళ్ళతో రాతి మీది పాచిని సైతం గీకి తినగలదు.

ఇద్దరూ నీళ్ళలో దిగారు. తల ముంచిన క్షణమే జవాబు దొరికిందని ఎస్టీస్ తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. కింద అడవి లేదు. ఆకుపచ్చ కంబళి పరిచినట్టు అర్చిన్లు, వాటి మధ్య గులాబి రంగు సున్నపు పొర పట్టిన బోడి రాళ్ళు. కెల్ప్ ఆనవాళ్ళు దాదాపు లేవు. అమ్చిట్కాలో నీటిలో చూపు ఆనకుండా అడ్డుపడే ఆకులు ఇక్కడ లేకపోవడంతో అడుగు పొడుగునా కనబడుతోంది.

ఇప్పుడు ఆ రెండు టన్నుల లెక్కకు వద్దాం. అమ్చిట్కా చుట్టూ చదరపు కిలోమీటరుకు ఇరవై నీటికుక్కలు ఉన్నాయనుకోండి. ఒక్కొక్కటి రెండు టన్నులు, మొత్తం ఏడాదికి నలభై టన్నుల తిండి. అందులో అర్చిన్ సులువైన తిండి. పారిపోదు, కొరకడానికి పెంకు పలచన. నీటికుక్క మొదట పెద్దవాటినే ఏరుతుంది, ఎందుకంటే మునిగినందుకు గిట్టుబాటు కావాలి. పెద్దవి అయిపోయాక మధ్యరకం. చివరికి మిగిలేవి రాతి పగుళ్ళలో దూరిన గోళీకాయలంత అర్చిన్లు. వాటి కోసం మునగడం దండగ. అందుకే అమ్చిట్కాలో అర్చిన్ అంతరించలేదు, తలెత్తకుండా ఉంది. ఏళ్ళ తరబడి అర్చిన్లు తిన్న నీటికుక్క ఎముకలకు వాటిలోని ఊదారంగు పట్టేస్తుంది. చచ్చిన నీటికుక్క పుర్రెను చూసి అది బతికినప్పుడు ఏం తిన్నదో చెప్పొచ్చు.

అసలు మలుపు ఇక్కడుంది. పగులులో నక్కిన అర్చిన్ కూడా కెల్ప్‌నే తింటుంది. కానీ బయటికి రాదు. తెగి కొట్టుకువచ్చే ఆకుముక్క కోసం కూర్చున్నచోటే కాచుకుంటుంది. రాలిన ఆకు తినేవాడితో చెట్టుకు నష్టమేముంది? నీటికుక్క లేనిచోట అదే అర్చిన్ పెరిగి పెద్దదై, గుంపుగా పగులు వదిలి బయల్దేరుతుంది. ఆకు దాకా ఎక్కే పని లేదు. రాతిని కరిచిన పట్టునీ కాడ మొదలునీ కొరికితే చాలు, మీటర్ల పొడవున్న నాచు మొత్తం తెగి అలల్లో కొట్టుకుపోతుంది. తిన్నది పిడికెడు, పోయింది చెట్టంత. కొత్తగా మొలిచిన పిలకలనూ వదలవు.

కెల్ప్ పోయాక అర్చిన్లు ఆకలికి చచ్చి మళ్ళీ అడవి మొలవాలి కదా అని మీకు తోచవచ్చు. అలా జరగదు. అర్చిన్ ఒళ్ళు కుంచించుకుని, గుడ్ల సంచి ఎండగట్టుకుని, పాచి గీక్కుంటూ ఏళ్ళ తరబడి ప్రాణం నిలబెట్టుకోగలదు. కెల్ప్ మొలక కనబడితే చాలు, మీద పడుతుంది. కాబట్టి అడవి ఉన్నచోట అడవీ, బోడి రాయి ఉన్నచోట బోడి రాయీ స్థిరపడిపోతాయి. ఒకదాని నుంచి ఇంకొకదానికి మారాలంటే పై నుంచి ఎవరో చెయ్యి వేయాలి.

ఎస్టీస్, పాల్మిసానోల వ్యాసం 1974లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. 1980లో పేన్ ఇలాంటి గొలుసుకు ‘ట్రోఫిక్ కాస్కేడ్’ అని పేరు పెట్టాడు. ట్రోఫిక్ అంటే ఆహారానికి సంబంధించినది, కాస్కేడ్ అంటే మెట్లు మెట్లుగా దూకే జలపాతం. పై మెట్టు మీద పడిన దెబ్బ ఒక్కో మెట్టూ దిగుతూ అడుగు దాకా వస్తుంది. దిగుతున్నప్పుడు ప్రతి మెట్టు దగ్గరా తిరగబడుతుంది. నీటికుక్క పెరిగితే అర్చిన్ తగ్గుతుంది, అర్చిన్ తగ్గితే కెల్ప్ పెరుగుతుంది.

రెండు దీవులు చాలవన్నవాళ్ళు

అందరూ ఒప్పుకోలేదు. రెండు దీవులకు మధ్య నీటికుక్క ఒక్కటేనా తేడా? అలలు, అడుగు వాలు, మరేదో కారణం కావచ్చు కదా అన్నారు. న్యాయమైన ప్రశ్నే. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరిని చూసి ఒకడి జబ్బుకు కారణం చెప్పలేం. అదే మనిషి జబ్బుకు ముందూ తర్వాతా ఎలా ఉన్నాడో చూడాలి.

ఆ అవకాశం కూడా బాంబు వల్లే వచ్చింది. అణుపరీక్షల నేపథ్యంలో 1965, 1972ల మధ్య అమ్చిట్కా, మరికొన్ని చోట్ల నుంచి వందలాది నీటికుక్కలను పట్టి, ఆగ్నేయ అలాస్కా, బ్రిటిష్ కొలంబియా, వాషింగ్టన్, ఒరెగాన్ తీరాలకు తరలించారు. ఒరెగాన్‌లో వదిలినవి నిలవలేదు. మిగతా మూడు చోట్లా నిలదొక్కుకున్నాయి. బోడి రాళ్ళున్న తావుల్లో అవి అడుగుపెట్టిన కొద్ది ఏళ్ళకే అర్చిన్లు పలచబడి కెల్ప్ లేచింది. అవి ఇంకా చేరని పక్క తావు బోడిగానే ఉండిపోయింది. ముందూ వెనకా రెండూ ఒకేచోట చూశాక వాదన చాలావరకు సద్దుమణిగింది.

అయితే దీన్ని ఎక్కడ పడితే అక్కడ అతికించలేమని కూడా అదే కాలంలో తేలింది. దక్షిణ కాలిఫోర్నియాలో నీటికుక్కలు వందేళ్ళకు పైగా లేకపోయినా చాలాచోట్ల కెల్ప్ నిలిచే ఉంది. అక్కడ అర్చిన్లను తినేందుకు ముళ్ళ రొయ్యల జాతి లాబ్‌స్టర్లు, షీప్‌హెడ్ అనే చేప ఉన్నాయి. కాపలాదారులు ఇద్దరు ముగ్గురున్న ఇంట్లో ఒకడు పోతే దొంగతనం జరగకపోవచ్చు. అల్యూషియన్లలో కాపలా ఒక్కడే. అడుగు ఇసుకైన చోట పట్టుకు రాయి లేదు గనక అసలు కెల్ప్ ప్రసక్తే రాదు. అక్కడ నీటికుక్క గుల్లలనూ పీతలనూ తిని, వాటి మీద బతికే జాలర్ల కడుపు కొడుతుంది. ఆగ్నేయ అలాస్కాలో ఆ తగువు నేటికీ నడుస్తోంది.

పాటిదిబ్బ చెప్పిన సాక్ష్యం

ఇంతకీ ఈ మెట్ల మీద మనిషి ఎక్కడున్నాడు? రష్యన్లు రాకముందు అంతా అడవేనా?

జవాబు అమ్చిట్కా పాటిదిబ్బల్లో దొరికింది. ఉనంగన్లు వేల ఏళ్ళుగా ఆ దీవుల్లో కాపురమున్నవాళ్ళు. సగం నేలలోకి దిగిన ఇళ్ళు, పైన మట్టిగడ్డల కప్పు. సీల్ తోలు కప్పిన సన్నని పడవల్లో వేటకు వెళ్ళేవాళ్ళు. తిన్న ఎముకలూ గుల్లలూ ఇంటి వెనక పారేసేవాళ్ళు. ఆ చెత్త పొర మీద పొర పేరుకుని దిబ్బలైంది. మన పాటిదిబ్బల్లో పూసలూ పెంకులూ దొరికినట్టు అక్కడ రెండున్నర వేల ఏళ్ళ వంటింటి లెక్క దొరికింది.

1978లో సైమన్‌స్టాడ్, ఎస్టీస్, కెన్యన్ ఆ పొరలను చదివి చెప్పిన సంగతి ఇది. కొన్ని పొరల్లో చేపల ఎముకలు, సీల్ ఎముకలు, నీటికుక్క ఎముకలు దండిగా ఉన్నాయి. కొన్ని పొరల్లో అవి తగ్గి, అర్చిన్ పెంకులు, రాళ్ళకు అతుక్కునే గుల్లలు పెరిగాయి. మొదటి రకం కెల్ప్ అడవి ఉన్న తీరం పెట్టే భోజనం. రెండో రకం బోడి రాళ్ళ తీరం పెట్టే భోజనం. అంటే ఊరి చుట్టుపక్కల ఉనంగన్లు నీటికుక్కలను గట్టిగా వేటాడిన రోజుల్లో అక్కడి అడవి పోయింది. అడవితో పాటు చేపలూ తగ్గాయి, వంటింట్లో అర్చిన్ మిగిలింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. కెల్ప్, అర్చిన్, నీటికుక్క అని మూడు మెట్లుంటే అడవి పచ్చగా ఉంటుంది. పైన మనిషి నాలుగో మెట్టుగా చేరితే అడవి బోడి అవుతుంది. మనిషి తప్పుకుంటే మళ్ళీ మూడు, మళ్ళీ పచ్చదనం. మెట్లు బేసి సంఖ్యలో ఉంటే పచ్చ, సరి సంఖ్యలో ఉంటే బోడి. ఉనంగన్లకూ రష్యన్లకూ తేడా ఎక్కడుందంటే, ఉనంగన్లు వేటాడింది ఊరి పొలిమేర వరకే. పక్క తీరంలో నీటికుక్కలు మిగిలేవి, ఊరు మారితే ఇటు మళ్ళీ వచ్చేవి. తోళ్ళ వర్తకం మాత్రం వేల మైళ్ళ తీరాన్ని ఒకేసారి నాలుగు మెట్లు చేసి, చివరికి మూడో మెట్టునే ఊడబెరికింది.

ఈ లెక్క చేతికొచ్చాక పాత కథలో ఒక మరణాన్ని మళ్ళీ విచారించవలసి వచ్చింది. రెండో భాగంలో స్టెల్లర్ సముద్రపు ఆవు గురించి చెప్పుకున్నాం. బేరింగ్ ఓడ పగిలిన దీవి చుట్టూ మేసిన ఆ భారీ జంతువు, ఓడలోని ప్రకృతి శాస్త్రవేత్త స్టెల్లర్ వర్ణించిన 27 ఏళ్ళకే, 1768 నాటికి, అంతరించింది. వేటగాళ్ళు చంపి తిన్నారని రాశాం. అది నిజమే. కానీ ఆ ఆవు తినేది కెల్ప్. ఆ దీవుల్లో మొదట తుడిచిపెట్టుకుపోయింది నీటికుక్క. అర్చిన్లు పెరిగి కెల్ప్ పోతే ఆవుకు మేత ఏది? ఈటె దెబ్బ తప్పించుకున్నవాటిని ఆకలి చంపి ఉండవచ్చని ఎస్టీస్, అతని సహచరులు వాదించారు. వేట ఒక్కటే ఆ జంతువును అంతం చేయడానికి సరిపోయిందన్నవాళ్ళూ ఉన్నారు. 1760ల్లో అక్కడి నీటి అడుగున దిగి చూసినవాడు లేడు గనక తీర్పు ఇవ్వలేం. ముద్దాయిల జాబితాలో మాత్రం మనిషి పక్కన అర్చిన్ పేరు కూడా చేరింది.

1980ల చివరికి అల్యూషియన్ల కథ సుఖాంతంలాగే కనబడింది. నీటికుక్కలు దీవి తర్వాత దీవి దాటుకుంటూ వెళుతున్నాయి. అవి వెళ్ళినచోటల్లా కెల్ప్ లేస్తోంది. ఇంకో ఇరవై ఏళ్ళు ఆగితే దీవుల వరసంతా అడవే అనుకున్నారు.

వచ్చే భాగంలో: 1990ల మొదట్లో ఏడక్ దీవి దగ్గర ఎస్టీస్ బృందం వేసిన లెక్కలు తప్పడం మొదలైంది. నీటికుక్కలు ఏడాదికి సుమారు పాతిక శాతం చొప్పున తగ్గిపోతున్నాయి. జబ్బు అనుకుంటే ఒడ్డుకు శవాలు రావాలి, రాలేదు. ఆకలి అనుకుంటే బక్కచిక్కాలి, చిక్కలేదు. వేటగాళ్ళు లేరు. అదే దీవిలో ఇరుకు ముఖద్వారమున్న ఒక మడుగులో మాత్రం నీటికుక్కలు క్షేమంగా ఉన్నాయి. నాలుగో మెట్టు మీదికి మళ్ళీ ఎవరో ఎక్కారు. ఈసారి ఎక్కినది మనిషి కాదు.